ఆదివారం సాయంత్రం ఐదు గంటల లోపు

మా బాబుకు ఇప్పుడు ఎనిమిది నెలలు. ఆ మూడు రోజుల గురించి కుదురుగా కూర్చుని రాయడానికి ఇంతకాలం పట్టింది.

నా రక్తం బి నెగటివ్, మా ఆయనది బి పాజిటివ్. మొదటి పరీక్షల్లోనే నా ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో ‘ఆర్‌హెచ్ నెగటివ్’ అని రాశారు. బిడ్డ రక్తకణాల మీద దాడి చేసే యాంటీబాడీలు నా రక్తంలో అప్పటికే ఉన్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష చేశారు, లేవని వచ్చింది. అవి పుట్టకుండా 28వ వారంలో యాంటీ-డి అనే ఇంజెక్షన్ ఒకటి, కాన్పు తర్వాత ఇంకొకటి ఉంటాయని చెప్పారు. అంతటితో ఆ సంగతి మర్చిపోయాను.

16వ వారంలో, ఒక గురువారం సాయంత్రం ఐదు గంటలప్పుడు రక్తం కనిపించింది. రూపాయి బిళ్ళంత మరక, కాసేపటికి ఇంకొకటి. పరుగున ఆసుపత్రికి వెళ్ళాం. స్కాన్‌లో బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది, మాయ సరైన చోటే ఉంది. ఆ చప్పుడు విని ఇద్దరం ఏడ్చేశాం. అక్కడే పొరపాటు జరిగింది. బిడ్డ బాగుందని తెలియగానే గండం గడిచిందని అందరం అనుకున్నాం, డాక్టరుతో సహా.

లేచి వస్తూ నేనే అడిగాను. “నాది నెగటివ్ కదండీ, ఇంజెక్షన్ ఇప్పుడు అక్కర్లేదా?”

ఆయన ఫైలులోంచి తల ఎత్తలేదు. “నాలుగు చుక్కలకే ఇంత కంగారు ఎందుకమ్మా? 28వ వారంలో ఎలాగూ ఇస్తాం. వెళ్ళి విశ్రాంతి తీసుకో.”

శుక్రవారం నాటికి రక్తం ఆగింది. శనివారం రాత్రి అమ్మ ఫోను చేసింది. జరిగింది చెప్పగానే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా తమ్ముడి సంగతి ఎత్తింది. నాకు ఒక తమ్ముడు పుట్టి మూడో రోజునే పోయాడని తెలుసు కానీ, అంతకు మించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. “పుట్టినప్పుడే పసుపు రాసినట్టు ఉన్నాడు. మర్నాటికి కళ్ళలో తెలుపే లేదు. నా గర్భానికి అది రాసి ఉందన్నారు, సరే అనుకున్నాను” అంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆపరేషన్ కోసం పరీక్ష చేస్తే అమ్మది కూడా నెగటివ్ అని తేలిందట. అన్నయ్యది పాజిటివ్. నాది నెగటివ్. ఆ తర్వాత పుట్టినవాడు తమ్ముడు.

ఫోను పెట్టాక నిద్ర పట్టలేదు. గర్భవతులకు ఆసుపత్రిలో ఇచ్చిన చిన్న పుస్తకం తీసి ఆ పేజీ మొదటిసారి శ్రద్ధగా చదివాను. రక్తస్రావమైన 72 గంటల లోపు యాంటీ-డి ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. గోడ గడియారంలో పదకొండు. అప్పటికి 54 గంటలు గడిచాయి, ఇంకా 18 మిగిలాయి. ఆ 18 లెక్కను వేళ్ళ మీద ఎన్నిసార్లు వేశానో నాకే తెలియదు. మా ఆయన ఒక్కొక్క ఆసుపత్రికి ఫోను చేస్తున్నారు. ఒక చోట ఎత్తలేదు, ఇంకో చోట సోమవారం రమ్మన్నారు. కడుపు మీద చెయ్యి వేసుకుని, లోపలున్న బిడ్డతో నా రక్తం శత్రుత్వం నేర్చుకుంటోందా అని తెల్లవార్లూ ఆలోచించాను.

ఆదివారం ఉదయం వేరే ఆసుపత్రిలో ఒక పెద్దావిడ డాక్టరు చూశారు. ముందు పరీక్షకు రక్తం తీయించి, ఆ తర్వాతే సూది వేయించారు. ఇంజెక్షన్‌లో ఉన్నవే యాంటీబాడీలు కనుక, ముందు సూది వేస్తే అవే పరీక్షలో కనిపించి అయోమయం పుడుతుందట. 300 మైక్రోగ్రాములు, కండలోకి. అప్పుడు సమయం పదీ నలభై, అంటే దాదాపు 66వ గంట. నా చెయ్యి పట్టుకుని ఆవిడ చెప్పిన మాటలు ఇప్పటికీ నోటికి వచ్చు.

“నీకు బయట కనిపించింది చాలావరకు నీ రక్తమే. మనకు కావలసింది కనిపించని రక్తం. మాయ దగ్గర చిన్న గాయమైతే బిడ్డ రక్తం కొంచెం నీలోకి రావచ్చు. ఎంత వచ్చిందో మరకను చూసి చెప్పలేం. బిడ్డ పాజిటివ్ అయితే, ఆ కణాల మీద నీ దగ్గర లేని ‘డి’ అనే పదార్థం ఉంటుంది. నీ ఒంటికి అది పరాయిది. దానికి ఎదురు తిరగడం నీ ఒళ్ళు కొన్ని వారాల్లో నేర్చుకుంటుంది, నేర్చుకున్నాక ఇక మర్చిపోదు. ఈ బిడ్డకు చాలాసార్లు ఏమీ కాదు. తర్వాత వచ్చే పాజిటివ్ బిడ్డ రక్తకణాలను నీ యాంటీబాడీలు మాయ దాటి వెళ్ళి పగలగొడతాయి. రక్తం తగ్గిపోతుంది, పుట్టాక కామెర్లు ముదురుతాయి. నీ ఒళ్ళు నేర్చుకునే లోపే ఆ కణాలను ఏరివేయడమే ఈ ఇంజెక్షన్ పని. నేర్చుకున్నాక ఎన్ని ఇచ్చినా ఉపయోగం లేదు.”

అమ్మ సంగతి చెప్పాను. కాగితాలేవీ లేకుండా ఖాయంగా అనలేనని, చాలావరకు ఇదే అయి ఉంటుందని అన్నారు. అన్నయ్య కాన్పులో అమ్మ ఒళ్ళు నేర్చుకుని ఉంటుంది. నాది నెగటివ్ కనుక ఆ యాంటీబాడీలకు నాలో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. తమ్ముడిలో దొరికింది. రాత అన్నవాళ్ళు ఎవరూ అమ్మ రక్తం గ్రూపు అడగలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

“28వ వారంలో ఎలాగూ ఇస్తాం” అన్న మాట మీద కూడా. ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఆవిడే వివరించారు. 16వ వారంలో లోపలికి వచ్చిన కణాలను 12 వారాల తర్వాత వేసే సూది ఏరలేదు, అప్పటికి ఒళ్ళు నేర్చుకోవడం అయిపోతుంది. ఇప్పుడు వేసినది కూడా 28 దాకా నిలవదు. ఒంట్లో దాదాపు మూడు వారాలకు సగానికి తగ్గిపోతుంది. అందుకే 28వ వారంలో మళ్ళీ వేయించుకున్నాను. మధ్యలో మళ్ళీ రక్తం కనిపించినా, కడుపుకు దెబ్బ తగిలినా వెంటనే రమ్మన్నారు.

నా స్థితిలో ఉన్నవారికి చెప్పదలచింది కొంచెమే. 12 వారాలు దాటాక చుక్క కనిపించినా ఆ గంట కాగితం మీద రాసుకోండి, “యాంటీ-డి ఎప్పుడు?” అని పేరు పెట్టి అడగండి. 12 వారాల లోపు కొద్దిపాటి, నొప్పి లేని రక్తస్రావానికి అక్కర్లేదని కొన్ని దేశాల పద్ధతి, ఇంకొన్ని చోట్ల అప్పుడూ ఇస్తారు. కాబట్టి మీరే తేల్చుకోకుండా అదే రోజు అడగండి. 72 గంటలు దాటిందని మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. పది రోజుల వరకు ఇచ్చినా కొంత రక్షణ ఉంటుందని ఆవిడ చెప్పారు. ఆ శనివారం రాత్రి ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే నేను అంత నరకం పడేదాన్ని కాదు.

ఈ మందును కర్మాగారంలో కలిపి తయారు చేస్తారనుకున్నాను. కాదు, మనుషులు దానం చేసిన ప్లాస్మా నుంచి తీస్తారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హ్యారిసన్ అనే ఆయన దీనికోసం వెయ్యిసార్లకు పైగా ఇచ్చారు. నా సీసాలో ఉన్నది ఎవరిదో నాకు తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ తెలియని మనిషిని తలచుకుంటాను.

38వ వారంలో బాబు పుట్టాడు. బొడ్డుతాడు నుంచి తీసిన రక్తం పరీక్షలో బి పాజిటివ్, కూంబ్స్ నెగటివ్. ఒళ్ళు గులాబీ రంగులో ఉంది. అమ్మ వాణ్ణి కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి, రెప్ప మెల్లగా పైకెత్తి కంటి తెలుపు చూసింది. మర్నాడు మళ్ళీ చూసింది. తర్వాత నర్సు దగ్గరికి వెళ్ళి, “మా అమ్మాయికి ఇంజెక్షన్ ఇంకా వేయలేదు” అంది. వేసేదాకా గుమ్మం దగ్గర నుంచి కదలలేదు.