"ఏదైనా పర్లేదండి, ఎక్కడైనా పర్లేదు, జీతం మీరే చూడండి."

ఇవాళ పొద్దున్నే ఉద్యోగాలు చూపించే ఓ కన్సల్టెన్సీకి వచ్చిన మెసేజ్ ఇది. అయిదేళ్ల అనుభవమున్న జావా డెవలపర్. మంచి ప్రొఫైల్, కానీ రిక్రూటర్ తన షీట్‌లో నింపడానికి ఒక్క గడికీ సమాధానం లేదు.

అదే అబ్బాయి ఇలా రాసుంటే: "బ్యాకెండ్ డెవలపర్, జావా, స్ప్రింగ్ బూట్, 5 ఏళ్లు. హైదరాబాద్ మాత్రమే, వారానికి మూడు రోజులు ఆఫీసుకు వస్తాను. ఇప్పుడు సీటీసీ 12 లక్షలు, అందులో ఫిక్స్‌డ్ 10.2. ఫిక్స్‌డ్ 15 నుంచి 17 ఆశిస్తున్నాను. నోటీస్ 60 రోజులు." ఆ గడులన్నీ నిండేవి.

జీతం దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. 15 నుంచి 17 అంటే కంపెనీకి వినబడేది 15 మాత్రమే. కాబట్టి కింది అంకె, ఆఫర్ వస్తే ఆ రోజే సంతకం పెట్టగలిగేదై ఉండాలి. ఫిక్స్‌డ్ అని రాయకపోతే వేరియబుల్, గ్రాట్యుటీ అన్నీ కలిపి 15 చూపిస్తారు. చేతికొచ్చేది చూశాక గుండె జారుతుంది.

ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: ఈమధ్య ఏయే కంపెనీలకు అప్లై చేశారో ముందే చెప్పండి. ఒకే రెజ్యూమె రెండు ఏజెన్సీల నుంచి వెళ్తే మిమ్మల్ని చేర్చినందుకు వచ్చే ఫీజు ఏ ఏజెన్సీదన్న తగాదా వస్తుంది. కొన్ని కంపెనీలు ఆ తలనొప్పి ఎందుకని ప్రొఫైల్‌నే పక్కన పెట్టేస్తాయి. "నన్నడిగాకే ఏ కంపెనీకైనా పంపండి" అని మెసేజ్ చివర ఒక్క లైను చేర్చండి.

ఆ ఫీజు ఇచ్చేది కంపెనీయే. మిమ్మల్ని రిజిస్ట్రేషన్‌కని డబ్బడిగితే అక్కడే ఆపేయండి.