కంటిన్యూయస్ బీమ్‌పై లైవ్ లోడ్ ఎక్కడ పెట్టాలి: గుండుసూదులు నేర్పిన పాఠం

ఏఈ సెలెక్షన్ లిస్టులో నా నంబరు వచ్చినప్పటి నుంచి జూనియర్లంతా ఏ బుక్కు, రోజుకి ఎన్ని గంటలు అనే అడుగుతున్నారు. పాత పేపర్లు, రివిజన్, మాక్ టెస్టులు మీకు తెలిసినవే. నేను ఇన్‌ఫ్లుయెన్స్ లైన్ల గురించి మాత్రం చెప్తాను.

ఒంగోలు కోచింగ్‌లో "పక్కపక్క స్పాన్లు, తర్వాత ఒకటి వదిలి ఒకటి" అని బట్టీ పట్టించారు. అది సపోర్ట్ మూమెంట్‌కా, స్పాన్ మధ్య మూమెంట్‌కా అంటే సగం క్లాసు తెల్లమొహం వేసేది. కందుకూరు రూమ్మేట్ ఒక అట్ట మీద ఐదు జతల గుండుసూదులు గుచ్చాడు. అవే A, B, C, D, E సపోర్టులు. ఫైల్ కవర్ నుంచి కత్తిరించిన సన్నటి పట్టీని వాటి మధ్యలోంచి దూర్చాడు. B దగ్గర పట్టీని కోసి, టేపుతో మళ్లీ అతికించాడు. అంటే అక్కడ మూమెంట్‌ని వదిలేశాం, సపోర్ట్ మాత్రం కదల్లేదు.

టేపు దగ్గర రెండు ముక్కల్నీ V ఆకారంలో మడిస్తే AB, BC రెండూ పైకి ఉబ్బాయి. C దగ్గర పట్టీ తెగలేదు కాబట్టి అదే వాలుతో దాటి CD కిందికి దిగింది. DE మళ్లీ కొంచెం పైకి లేచింది. B దగ్గర హాగింగ్ మూమెంట్‌కి ఇన్‌ఫ్లుయెన్స్ లైన్ ఆకారం ఇదే. పైకి లేచిన AB, BC, DE మీద లైవ్ లోడ్ పెట్టి, CD ఖాళీగా వదలాలి. డెడ్ లోడ్ ఎలాగూ అన్నిటి మీదా ఉంటుంది.

నమ్మకం కుదరక త్రీ మూమెంట్ ఈక్వేషన్‌తో చూశాను. ఒక్కో స్పాన్ 5 మీటర్లు, లైవ్ లోడ్ మీటరుకి 20 కిలోన్యూటన్లు, EI అంతటా ఒకటే. నాలుగు స్పాన్లూ నింపితే B దగ్గర 53.6 kN·m. CD ఖాళీ చేస్తే 60.3. లోడ్ తగ్గించామా, మూమెంట్ పెరిగింది! ఇలా చేతులతో చూడ్డం టైమ్ వేస్ట్ అన్నవాళ్లున్నారు. ఎవరి పద్ధతి వాళ్లది గానీ, ఆ సాయంత్రం తర్వాత నేను ఈ టాపిక్‌లో బట్టీ పట్టలేదు.

B దగ్గర రియాక్షన్ అడిగితే మూమెంట్‌ని కాదు, సపోర్ట్‌నే తీసి బీమ్‌ని ఒక యూనిట్ పైకి ఎత్తాలి. లోడ్ చేయాల్సిన స్పాన్లు మళ్లీ AB, BC, DE నే కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. B మీద చూడండి: రియాక్షన్ లైన్‌కి అక్కడ ఆర్డినేట్ 1, మడత ఉండదు, మూమెంట్ లైన్‌కి సున్నా.

BC మధ్యలో సాగింగ్ మూమెంట్‌కి హింజ్ అక్కడే పెట్టండి. BC పైకి, AB, CD కిందికి, DE పైకి. లోడ్ BC, DE మీదే. హింజ్‌ని సపోర్ట్‌కి బాగా దగ్గరగా, సుమారు స్పాన్‌లో ఐదో వంతు లోపలికి జరిపితే మాత్రం లైన్ ఆ స్పాన్‌లోనే గుర్తు మారుతుంది. అప్పుడు స్పాన్ మొత్తం నింపితే తప్పు, పాజిటివ్ భాగం వరకే నింపాలి. ఈ గీత లోడ్ ఎక్కడ పెట్టాలో చెప్తుంది. చక్రాల లోడ్ విలువ కావాలంటే ఆర్డినేట్లు లెక్క కట్టక తప్పదు.