కాల్ అమ్మి, డెల్టా లెక్కతో షేర్లు సర్దుకున్న నా అనుభవం

నేను అమ్మినవి 10 కాల్ కాంట్రాక్టులు, అంటే ఎక్స్‌పైరీ అనే గడువు నాటికి, స్ట్రైక్ అనే ముందే ఖాయమైన ధరకు షేర్లు కొనే హక్కును డబ్బు తీసుకుని వేరొకరికి ఇచ్చాను. ఒక్కో కాంట్రాక్టుకు 100 షేర్లు, అంటే మొత్తం 1000 షేర్ల మీద కాల్. షేరు ధర 100, స్ట్రైక్ కూడా 100, ఎక్స్‌పైరీకి 30 రోజులు. ఒక్కో షేరుకు 3.43 చొప్పున 3430 ప్రీమియం చేతికొచ్చింది. షేరు పెరిగితే నష్టం నాదే కాబట్టి, ఆ నష్టాన్ని పూడ్చడానికి ఎన్ని షేర్లు కొని పెట్టుకోవాలో తేల్చుకోవాలి.

దానికి డెల్టా కావాలి. షేరు ఒక పాయింటు కదిలితే కాల్ ధర ఎంత కదులుతుందో చెప్పేదే డెల్టా. స్ప్రెడ్‌షీట్‌లో ధర, స్ట్రైక్, షేరు ధర ఏడాదిలో ఎంత ఊగుతుందో చెప్పే వొలటిలిటీ (30 శాతం, అంటే 0.30), మిగిలిన కాలం (30/365) వరసగా B1 నుంచి B4 వరకు పెట్టాను. వడ్డీ సున్నా అనుకున్నాను, నెల రోజుల ఆప్షన్‌కి దానివల్ల పెద్ద తేడా రాదు.

```
=NORM.S.DIST((LN(B1/B2)+B3^2*B4/2)/(B3*SQRT(B4)),TRUE)
```

0.517 వచ్చింది. 1000తో గుణిస్తే 517 షేర్లు, కొనేశాను. ఇంక నిశ్చింత అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే షేరు ఒక్కసారిగా 104కి ఎగిరింది. కాల్ ధర 5.85 అయింది. కాల్స్ మీద సుమారు 2420 నష్టం, 517 షేర్ల మీద 2068 లాభం. హెడ్జ్ చేసుకున్నాక కూడా 350 పైచిలుకు ఎందుకు పోయింది? నాకు చాలాసేపు అంతుపట్టలేదు. చివరికి తెలిసిందేమిటంటే, 0.517 అనేది 100 దగ్గరి డెల్టా మాత్రమే, ధర పెరుగుతున్న కొద్దీ అది కూడా పెరుగుతూ పోతుంది (దీన్నే గామా అంటారు), నా షేర్లు మాత్రం 517 దగ్గరే ఆగిపోయాయి. మధ్యలో మిగిలిన ఖాళీయే ఆ నష్టం.

B1లో 104 పెడితే డెల్టా 0.691. అసలు తప్పు ఇక్కడే చేశాను. టెన్షన్‌లో స్క్రీన్ మీద 691 చూసి 691 షేర్లు కొనేశాను. కానీ 691 అంటే చేతిలో మొత్తం ఉండాల్సిన షేర్లు, కొత్తగా కొనాల్సింది అందులోంచి 517 తీసేస్తే మిగిలే 174 మాత్రమే. ఖాతాలో 1208 కనిపించాక గానీ వెలగలేదు. కాల్ డెల్టా ఎప్పుడూ 1 దాటదు కదా, 1000 షేర్ల మీది కాల్స్‌కి వెయ్యికి మించి షేర్లు ఉన్నాయంటే అది హెడ్జ్ కాదు, షేరు పెరుగుతుందని కాసిన పందెం. అదనంగా ఉన్న 517 అప్పటికప్పుడు అమ్మేశాను, ఈలోగా ధర 103.80కి జారడంతో ఆ ఒక్క తప్పుకే వంద పైన పోయింది. అప్పటినుంచి షీట్‌లో "ఉండాల్సినవి", "ఉన్నవి", "తేడా" అని మూడు గడులు పెట్టుకుని, ఆర్డరు తేడా గడి చూసే వేస్తున్నాను.

మర్నాడు పొద్దున షేరు మళ్లీ 100. డెల్టా మళ్లీ 0.517, కాబట్టి నిన్న 104కి కొన్న ఆ 174 షేర్లనూ 100కి అమ్మాలి. 174 ఇంటూ 4, అంటే 696 నష్టం. చేయి వణికింది, కానీ ఇందులో తప్పేమీ లేదు. కాల్ అమ్మినవాడి హెడ్జ్ ఎప్పుడూ పెరిగాక కొనేది, తగ్గాక అమ్మేది. అందుకు ప్రతిఫలంగా వచ్చేది రోజురోజుకీ కరిగే ప్రీమియం, నా విషయంలో మొదట్లో అది రోజుకు సుమారు 57. షేరు రోజుకు ఒకటిన్నర పాయింట్లకు అటూఇటూగా కదిలితే రెండూ దాదాపు సరిపోతాయి, నాలుగు పాయింట్లు ఎగిరి పడితే సరిపోవు.

అలాగని చిన్న కదలికకల్లా సర్దుతూ కూర్చుంటే బ్రోకరేజీకీ, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడాకే డబ్బంతా పోతుంది. తేడా 50 షేర్లు దాటితేనే ఆర్డరు వేయాలని పెట్టుకున్నాను. మొదట్లో అది ఒక పాయింటుకు కాస్త ఎక్కువ కదలిక.

ఈ 50 షేర్ల నియమం చివరిదాకా పనికిరాలేదు. ఎక్స్‌పైరీకి ఒక్కరోజు ఉందనగా ధర 100 చుట్టూనే తిరుగుతోంది. షీట్‌లో 99 పెడితే 264 షేర్లు, 101 పెడితే 739. రెండు పాయింట్ల తేడాకి 475 షేర్లు కొనడమో అమ్మడమో చేయాలి, అదీ రోజులో ఎన్నిసార్లో తెలియదు. కాల్ అప్పటికి 0.63కి దొరుకుతోంది. పదీ వెనక్కి కొనేసి, ఉన్న షేర్లన్నీ అదే నిమిషంలో అమ్మేశాను.