తెరుచుకోని ఫైలు, దాగి ఉన్న ~WRL

నా పరిశోధనా వ్యాసంలోని మూడో అధ్యాయం నిన్న తిరిగి నా చేతికొచ్చింది. తిరుమల శాసనాల మీద రాసినది. తిరుపతి బాలాజీ కాలనీలోని ఒక డీటీపీ కేంద్రంలో దాన్ని వర్డ్‌లో టైపు చేయిస్తూ, సరిగ్గా సేవ్ చేస్తున్నప్పుడు కరెంటు పోయింది. అక్కడి యూపీఎస్ బ్యాటరీ ఒక్క క్షణం కూడా నిలవలేదు.

కరెంటు వచ్చాక వర్డ్ తెరిస్తే ఎడమ పక్కన Document Recovery అనే పట్టీ కనిపించింది. "ఆగండి బాబూ, అది చూడాలి" అన్నాను. యజమాని వినకుండా దాన్ని మూసేశాడు. ఈ ఫైళ్లు తర్వాత చూస్తారా, తీసేయాలా అని వర్డ్ అడిగితే తీసేయమని నొక్కాడు. ఆటోరికవర్ ప్రతి అక్కడితో పోయింది. అసలు ఫైలు తెరవబోతే చెడిపోయిందన్న సందేశం వచ్చింది. అప్పుడతను నలుగురి ముందూ, "మేడమ్, మీ పెన్‌డ్రైవ్‌లోనే వైరస్ ఉంది, మా తప్పేం లేదు" అన్నాడు. నా వయసుకు కూడా విలువ ఇవ్వని ఆ మాట ఇంకా మండుతోంది. తన బ్యాటరీ సంగతి ఎత్తనే లేదు.

పెన్‌డ్రైవ్ తీసుకుని ఇంటికొచ్చేశాను. చెడిన ఫైలును బాగుచేయడానికి వర్డ్‌లో ఉండే Open and Repair పనిచేయలేదు. ఎందుకో తెలుసుకోవడానికి ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. docx నిజానికి ఒక జిప్ మూట, కాబట్టి మొదట PK అనే రెండక్షరాలు ఉండాలి. నా ఫైలు పరిమాణం మామూలుగానే ఉన్నా లోపలంతా ఖాళీయే. పేరూ, చోటూ నమోదయ్యాయి గానీ, అక్షరాలు డిస్కు మీదికి చేరకముందే కరెంటు పోయింది. అలాంటి ఫైలును ఏ మరమ్మతు సాధనమూ బాగుచేయలేదు. డబ్బు తీసుకుని చేస్తామనేవారిని నమ్మకండి.

అప్పుడు అదే ఫోల్డరులో దాచిన ఫైళ్లు కనిపించేలా View మెనూలో Hidden items పెట్టాను. ~$ తో మొదలయ్యే చిన్న ఫైలు ఒకటి కనిపించింది. అందులో ఉండేది ఫైలు తెరిచినవారి పేరు మాత్రమే, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. దాని కిందే ~WRL0003.tmp ఉంది. వర్డ్ కొత్తగా సేవ్ చేసేటప్పుడు పాత ప్రతిని ఇలా పక్కన పెట్టి, సక్రమంగా మూసినప్పుడు తుడిచేస్తుంది. కరెంటు పోవడంతో తుడిచే అవకాశం దానికి దొరకలేదు.

దాన్ని ముందు కంప్యూటర్‌లోకి నకలు తీసుకున్నాను. నోట్‌ప్యాడ్‌లో చూస్తే PK ఉంది! నకలు పేరు చివర .tmp తీసి .docx పెట్టగానే అధ్యాయం అధస్సూచికలతో సహా తెరుచుకుంది. అంతకుముందు సేవ్ తర్వాత టైపు చేసిన భాగం మాత్రం లేదు. దాన్ని రాతప్రతి చూసి నేనే టైపు చేసుకున్నాను. మిగిలిన అధ్యాయాలకు ఆ కేంద్రం గడప తొక్కను.