మసక ప్రొజెక్టర్ కోసం స్లైడ్ల రంగుల పరీక్ష: మూడో వారం

మా అపార్ట్‌మెంట్ హాల్లో నెలకోసారి పక్షుల గురించి స్లైడ్లు వేసి మాట్లాడతాను. పోయినసారి నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద బూడిద రంగులో (#999999) పేర్లు రాశాను. రెండు రంగుల వెలుగుల నిష్పత్తి చెప్పే కాంట్రాస్ట్ చెకర్‌లో 7.4 వచ్చింది. మామూలు అక్షరాలకు 4.5 ఉంటే చాలంటారు కాబట్టి నిశ్చింతగా వెళ్లాను. తీరా చూస్తే వెనక వరసలో వాళ్లకి ‘పాలపిట్ట’లో ట ఒత్తు కనబడలేదు.

తప్పు ఎక్కడుందో ఈ వారం తేలింది. చెకర్ రెండు రంగుల వెలుగుకీ 0.05 కలిపి భాగిస్తుంది. స్క్రీన్ మీద పడే బయటి వెలుతురు అంతే ఉంటుందని దాని లెక్క. ప్రొజెక్టర్ నలుపుని వేయలేదు, ఆ చోట వెలుగు వేయకుండా ఊరుకుంటుంది, అంతే. అక్కడ మనకి కనిపించేది ట్యూబ్‌లైట్ వెలుతురు పడ్డ గోడ.

అందుకని కొలిచాను. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ పెట్టి, సెన్సర్ ప్రొజెక్టర్ వైపు ఉండేలా ఫోన్‌ని గోడకి ఆనించాను. నా నీడ దాని మీద పడకుండా పక్కకి జరిగి నిలబడ్డాను. పూర్తి నల్ల స్లైడ్‌కి 60 లక్స్, పూర్తి తెల్ల స్లైడ్‌కి 300. అంటే ప్రొజెక్టర్ సొంత వెలుగు 240, దానిలో బయటి వెలుతురు పావు వంతు. ఆ హాల్లో ఏ రంగులు పెట్టినా 300/60, అంటే 5 దాటదు. ఇక 0.05 బదులు 0.25 పెట్టి మళ్లీ లెక్క వేశాను:

```
(L1 + 0.25) / (L2 + 0.25)
```

L1 లేత రంగు వెలుగు, L2 ముదురు రంగు వెలుగు. తెలుపు వెలుగుని 1 అనుకుంటే #999999 వెలుగు 0.32, నలుపుది 0. ఫలితం 2.3. అదే తెలుపు మీద #767676 అక్షరాలకి చెకర్ 4.5 మాత్రమే ఇస్తుంది, కానీ ఈ లెక్కలో 2.9 వస్తుంది. చెకర్‌లో వెనకబడ్డ జత హాల్లో ముందుంది! బయటి వెలుతురు ముందు నల్ల బ్యాక్‌గ్రౌండ్‌నే చెడగొడుతుంది. నలుపు మీద ఎరుపు ఇంకా ఘోరం, 1.9కి దిగింది. మా ప్రొజెక్టర్‌లో ఎరుపు లెక్క కన్నా మసగ్గానే పడుతుంది కాబట్టి దాన్ని పూర్తిగా వదిలేశాను.

ఇప్పుడు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద #222222 పెట్టాను. 4.7 వచ్చింది, ఈ గదికి దాదాపు గరిష్ఠం. ఫాంట్ కూడా బోల్డ్ చేశాను, ఎందుకంటే సన్నటి గీతల ఫాంట్‌లో ముందు పోయేవి ఒత్తులే.

నిన్న సాయంత్రం ఇంకొకటి చేసి చూశాను. స్క్రీన్ పైనున్న ఒక్క ట్యూబ్‌లైట్ ఆర్పితే నల్ల స్లైడ్ కొలత 60 నుంచి 20కి పడిపోయింది. అప్పుడు పాత బూడిద అక్షరాలకి కూడా 4.8 వస్తోంది. రంగులన్నీ మార్చి సాధించిందానికన్నా ఇదే ఎక్కువ. కాకపోతే ఆ స్విచ్‌కే ముందు వరస ఫ్యాన్లు కూడా ఉన్నాయి, ఎండాకాలంలో ఆర్పనివ్వరు. అందుకే తెల్ల స్లైడ్లే ఉంచుతున్నాను. చివరి కుర్చీలో కూర్చుని చూశాను, ‘పాలపిట్ట’ ఒత్తుతో సహా కనిపించింది.