మాస్టారి ఖాళీ వరసలు

మన బడిలో పదో తరగతి చదివినవాళ్లలో మా లెక్కల మాస్టారి సైక్లోస్టైల్ కాగితాలు గుర్తులేనివాళ్లు ఉండరనుకుంటాను. ఆయన స్వయంగా స్టెన్సిల్ కోసి, ఇంకు ఆరీ ఆరకముందే మా చేతుల్లో పెట్టేవారు. గుంటూరులో అప్పటికే ట్యూషన్లకు లోటు లేదు. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు వెళ్తే సాయంత్రం పూట ఏ వీధిలో చూసినా సైకిళ్లు బారులు తీరి ఉండేవి. అక్కడ ఎక్కువగా జరిగేది ఒకటే: బోర్డు మీద ఒక లెక్క చేసి, ఆ వెంటనే ఇంటికి ఇరవై లెక్కలు ఇవ్వడం. మా మాస్టారు ఆ రెంటికీ నడుమ ఇంకో దశ పెట్టారు. ఈ వ్యాసం దాని గురించే.

వర్గ సమీకరణాల పాఠం తీసుకుంటాను. వర్గాన్ని పూర్తి చేసి మూలాలు కనుక్కునే పద్ధతికి ఆయన ఇచ్చిన మొదటి కాగితంలో మేం చేయాల్సింది ఏమీ లేదు. లెక్క మొత్తం చేసే ఉంటుంది.

```
2x² − 7x + 3 = 0
1)  x² − (7/2)x + 3/2 = 0
2)  x² − (7/2)x = −3/2
3)  x² − (7/2)x + 49/16 = −3/2 + 49/16
4)  (x − 7/4)² = 25/16
5)  x − 7/4 = ±5/4
6)  x = 3 లేదా x = 1/2
```

ప్రతి వరస పక్కనా ఒక గీత గీసి, అలా ఎందుకు చేశామో మేమే రాయడానికి చోటు వదిలేవారు. అసలు పని అక్కడే. లెక్కను కళ్లతో చదువుకుంటూ పోతే అంతా తెలిసినట్టే ఉంటుంది. మాస్టారు బెంచీల మధ్య తిరుగుతూ ఎవరి దగ్గరో ఆగి, "ఏమ్మా, మూడో వరసలో ఆ 49/16 ఎక్కణ్ణించి వచ్చింది?" అని అడిగేవారు. "x గుణకంలో సగం 7/4, దాని వర్గం 49/16 అండీ" అంటే సరిపోదు. "మరి కుడి వైపు కూడా ఎందుకు కలిపావు?" అనేవారు. ఎడమ వైపు ఒక్కచోటే కలిపితే సమీకరణం మారిపోతుందని పిల్ల తన మాటల్లో చెప్పాకే రెండో కాగితం చేతికిచ్చేవారు.

రెండో కాగితంలో కొత్త లెక్క, 3x² − 5x − 2 = 0. ఇందులో అయిదు వరసలు చేసి ఉంటాయి, ఆరోది ఖాళీ. x − 5/6 = ±7/6 దాకా ఆయన తెచ్చి వదిలేస్తే x = 2, x = −1/3 అని మేం రాయాలి. మూడో కాగితంలో చివరి రెండు వరసలూ ఖాళీ. ఆ తర్వాత మూడు. అలా ఖాళీ కింద నుంచి పైకి పాకుతూ వచ్చేది, చివరికి సమీకరణం ఒక్కటే మిగిలేది.

కింద నుంచే ఎందుకు? మొదటి వరస ఖాళీగా ఉంటే, ఆ భాగహారం దేనికోసమో తెలియకుండానే పిల్లాడు మొదలుపెట్టాలి. చివరి వరస ఒక్కటే మిగిలితే, దారంతా కళ్ల ముందు ఉంటుంది, చేయాల్సిన పని చిన్నది, జవాబు తన చేతి మీదుగా వస్తుంది. ఖాళీ ఒక మెట్టు పైకి జరిగేసరికి, దాని కింది మెట్టు అప్పటికే అలవాటై ఉంటుంది. కొత్తగా ఆలోచించాల్సింది ఎప్పుడూ ఒక్కటే.

ఇలాంటి పద్ధతి మీద పరిశోధనలు ఉన్నాయని నేను టీచరునయ్యాకే తెలిసింది. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో ప్రచురించిన ప్రయోగాలు బీజగణితం లెక్కలతోనే చేశారు. చేసిన లెక్కలు ముందు చదివిన పిల్లలు, అన్నీ సొంతంగా చేసినవాళ్లకన్నా అదే రకం లెక్కల్ని తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేశారు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేవి చాలా కొద్ది విషయాలు. కొత్త లెక్క ఒక్కసారిగా ముందు పెడితే, జవాబుకి ఇంకెంత దూరంలో ఉన్నానో వెతుక్కోవడానికే ఆ శక్తి అంతా ఖర్చవుతుంది. ఏ మెట్టు దేనికోసమో గమనించే తీరిక ఉండదు. తర్వాత జర్మనీలో అలెగ్జాండర్ రెంక్ల్, అమెరికాలో రాబర్ట్ అట్కిన్సన్ ఈ ఖాళీలను క్రమంగా పెంచే పద్ధతిని పరీక్షించారు. పిల్లలు తాము పూరించిన మెట్టునే బాగా నేర్చుకున్నారని రెంక్ల్ బృందం గమనించింది. మాస్టారు ఏ మెట్టునూ ఖాళీ చేయకుండా వదలకపోవడం ఎంత సరైనదో అది చదివాక నాకు ఇంకా బాగా అర్థమైంది.

తప్పులు ఎక్కడ వస్తాయో ఈ కాగితాల్లో స్పష్టంగా కనపడేది. అయిదో వరస ఖాళీ పెట్టగానే తరగతిలో చాలామంది ± మర్చిపోయి ఒక్క మూలంతో ఆగిపోయేవారు. మూడో వరస ఖాళీ అయినప్పుడు ఇంకో ఇబ్బంది. 2x² + x − 6 = 0 లో రెండుతో భాగించాక x గుణకం 1/2. దానిలో సగం 1/4 అని రాయాల్సిన చోట కొందరు 1/2నే వర్గం చేసి 1/4 కలిపేవారు. అలా చేస్తే ఎడమ వైపు వర్గంగా కుదరదు. x + 1/4 వర్గానికి కావలసింది 1/16. మాస్టారు అలాంటివాళ్లను మొదటి కాగితానికి పంపేవారు కాదు. ఆ ఒక్క వరస మాత్రమే చేసి ఉన్న రెండు మూడు లెక్కలు బోర్డు మీద రాసి, ఆ ఖాళీనే మళ్లీ ఇచ్చేవారు.

అందరికీ ఒకే వేగం కూడా పెట్టలేదు. మా తరగతిలో ఒకమ్మాయి మొదటి కాగితం చూసిన వెంటనే కారణాలన్నీ చెప్పేసింది. ఆమెకు నేరుగా పూర్తి ఖాళీ కాగితం ఇచ్చారు. పద్ధతి వచ్చేసినవాళ్లకు చేసిన లెక్కలు చదివించడం సాయం కాకపోగా అడ్డమవుతుందని స్లావా కల్యూగా, స్వెల్లర్ తర్వాత రాశారు. ఈ రోజు విజయవాడలో నా క్లాసులో నేను ఎక్కువగా తడబడేది ఇక్కడే. అరవైమంది ఉన్న గదిలో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవడానికి ఆ "ఎక్కణ్ణించి వచ్చింది?" అన్న ప్రశ్న తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. 1985 ప్రయోగాల్లో కూడా లాభం ప్రధానంగా అదే రకం లెక్కల్లోనే కనిపించింది, వేరే రకం లెక్కల్లో అంతగా లేదు. మాస్టారికి అది ఎలా తట్టిందో గాని, ఖాళీలన్నీ అయ్యాక ఒక లెక్క ఇచ్చేవారు: 2x² + x + 4 = 0. వరసలు బట్టీ పట్టినవాళ్లు చకచకా నాలుగో వరసకు వచ్చి (x + 1/4)² = −31/16 అని రాసి, ఏ అనుమానమూ లేకుండా అయిదో వరసలో ±√31/4 వేసేవారు. కారణాలు రాస్తూ వచ్చినవాళ్లు మాత్రం ఆగిపోయేవారు. వాస్తవ సంఖ్యల్లో ఏ సంఖ్య వర్గమూ రుణం కాదు, కాబట్టి ఇక్కడ మూలాలే లేవు. ఎవరికి కారణం తెలుసో, ఎవరికి వరుస మాత్రమే తెలుసో ఆ ఒక్క లెక్కతో తేలిపోయేది.

చివరి కాగితం మీద ఉన్నది ax² + bx + c = 0, కింద ఆరు ఖాళీ వరసలు, అంతే. a తో భాగించాం, c/a ని అటు వేశాం, b/2a వర్గాన్ని రెండు వైపులా కలిపాం. నాలుగో వరసలో కుడి పక్కన (b² − 4ac)/4a² వచ్చింది. వెనక బెంచీలోంచి ఒకడు "ఇది రుణమైతే మూలాలుండవు కదండీ" అన్నాడు. మాస్టారు వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి, మిగతా రెండు వరసలూ వాడి చేతే రాయించారు. పాఠ్యపుస్తకంలో ఆ సూత్రం ఉన్న పేజీకి మేం ఇంకా రాలేదు.