పాలు ఒక కాగితంలో, బరువు ఇంకో కాగితంలో

ఈ రోజు డిశ్చార్జి కావలసిన పాపకు పాలూ బరువుల పట్టిక తయారు చేయడంలోనే మధ్యాహ్నమంతా గడిచింది. హిరమండలం వైపు పల్లె నుంచి వచ్చిన తల్లి. ముప్పై రెండు వారాలకే కాన్పు అయింది. పాప పుట్టినప్పుడు 1480 గ్రాములు. ఈ రోజు 21వ రోజు, పొద్దున్న 1710. శ్రీకాకుళంలో ఆటో ఎక్కి ఊరు చేరాక ఆ బిడ్డ గురించి అక్కడి ఆశా కార్యకర్తకు, ఆరోగ్య కేంద్రం డాక్టరుకు తెలిసేది ఈ ఒక్క కాగితం వల్లే. అందుకే దీన్ని హడావుడిగా రాయడం నాకు నచ్చదు.

మా నవజాత శిశువుల విభాగంలో పాల వివరాలు ఒక షీటులో ఉంటాయి, బరువులు వేరే రిజిస్టరులో ఉంటాయి. పాల షీటు ఉదయం 8 గంటలకు మొదలై మర్నాడు 8కి ముగుస్తుంది. రెండు గంటలకోసారి చొప్పున 12 సార్లు పాలు. బరువు మాత్రం తెల్లవారుజామున 6 గంటలకు, ఆ సమయపు పాలు పట్టకముందు, బట్టలు తీసి చూస్తాం. అర్ధరాత్రి దాటాక పట్టే నాలుగు సార్ల పాలకు తేదీ మారిపోతుంది కానీ షీటు మారదు. తేదీని మాత్రమే చూసి కూడితే 18వ రోజు 8 సార్లే పాలు తాగినట్టు కనిపిస్తుంది. సారికి 22 చొప్పున 176 మిల్లీలీటర్లు, అంటే బిడ్డ బరువులో కిలోకు 108 మి.లీ. నిజానికి ఆ షీటులో 12 సార్లూ ఉన్నాయి. మొత్తం 264 మి.లీ., 1630 గ్రాముల బరువుకు కిలోకు 162. ఈ రెండు అంకెల్లో ఒకటి చూస్తే బిడ్డకు పాలు చాలడం లేదనిపిస్తుంది, ఇంకొకటి చూస్తే సరిపడా అందుతున్నాయి. కాబట్టి నేను ప్రతి వరుసనూ షీటు ప్రకారమే రాస్తాను. ఆ షీటు ముగిసే తెల్లవారుజామున చూసిన బరువును పక్కనే వేస్తాను. ఆ రోజు తాగిన పాలకు ఫలితం మర్నాటి త్రాసులోనే కదా కనిపించేది.

మొదటి వారాన్ని పెద్దగా విడమరచలేదు. 5వ రోజుకు పాప 1345కు దిగింది, 12వ రోజుకు 1485కు చేరింది. నెలలు నిండని పిల్లలు మొదట పదో వంతు దాకా తగ్గి, రెండు వారాల లోపు పుట్టిన బరువుకు రావడం మామూలే. ఆ రోజుల్లో కిలోకు ఎన్ని పాలు అన్న లెక్కను పుట్టిన బరువుతోనే కట్టాలని మాత్రం పట్టిక పైన రాశాను. తగ్గిన బరువుతో భాగిస్తే పాలు అసలుకన్నా ఎక్కువ ఇచ్చినట్టు చూపిస్తుంది.

అసలు చిక్కు 17వ రోజు దగ్గర వచ్చింది. 16వ రోజు 1590, 17న 1660, 18న 1630. ఒక్క రోజులో 70 గ్రాములు పెరిగి, మర్నాడు 30 తగ్గింది. సరిగ్గా 17వ రోజునే పాలు పట్టే ట్యూబు తీసేసి ఉగ్గుగిన్నెతో పట్టడం మొదలుపెట్టారు. ఈ మూడు అంకెలనూ వివరణ లేకుండా పట్టికలో పెడితే చదివినవారెవరైనా ఒక్కటే అనుకుంటారు: గిన్నెతో పట్టడం మొదలుపెట్టగానే బిడ్డ బరువు కోల్పోయింది. అలా అనుకుని మళ్ళీ ట్యూబు వేసిన సందర్భాలు ఉంటాయి. రోజుకు కిలోకు 15 నుంచి 20 గ్రాములు పెరగవలసిన బిడ్డ 43 పెరిగిందంటే, అది పెరుగుదల కాదని వెంటనే అనుమానించాలి. నర్సుల నోట్సు తిరగేస్తే సమాధానం దొరికింది. ఆ రోజు పొద్దున్న మా త్రాసు బాగుచేయడానికి వెళ్ళింది. సాయంత్రం, తల్లి ఎదకు ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ నుంచి లేపి, పాలు తాగాక, టోపీ మేజోళ్ళతో సహా కాన్పుల గది త్రాసు మీద తూచారు.

ఆ 1660ని నేను కొట్టేయలేదు. అలాగే ఉంచి, పక్కన ‘వేరే త్రాసు, సాయంత్రం, దుస్తులతో, లెక్కలోకి తీసుకోవద్దు’ అని రాశాను. పెరుగుదలను 16 నుంచి 18కి ఒకేసారి కట్టాను: రెండు రోజులకు 40 గ్రాములు, కిలోకు రోజుకు సుమారు 12. ట్యూబు మాన్పిన రోజుల్లో బిడ్డ తానుగా మింగడానికి శక్తి ఖర్చు చేస్తుంది కాబట్టి కాస్త మందగించింది, అంతే. తర్వాత 1655, 1680, 1710. ఆ మూడు రోజులకు కలిపి 80 గ్రాములు. సగటు బరువుతో భాగిస్తే కిలోకు రోజుకు 16. ఇంటికి పంపడానికి డాక్టరు గారు చూసేది ఈ వరుస పెరుగుదలనే.

రెండో చిక్కును మా కొత్త సిస్టరు తెచ్చింది. “అక్కా, 20వ రోజు లెక్క కిలోకు 92 మాత్రమే వస్తోంది. ఇలాగైతే పంపిస్తారా?” అని ఆందోళనగా అడిగింది. షీటు చూశాను. ఉగ్గుగిన్నెతో 7 సార్లు, సారికి 22 చొప్పున 154. మిగతా 5 సార్లు నేరుగా తల్లి రొమ్ము. రొమ్ము దగ్గర ఎంత తాగిందో కొలత ఉండదు. ఆ ఐదింటిని సున్నాగా కూడితే బిడ్డ సగం ఆకలితో ఉన్నట్టు అవుతుంది. తలా 22 వేసేస్తే చూడనిదాన్ని చూసినట్టు రాసినట్టవుతుంది. అందుకని 20వ రోజు నుంచి కిలో లెక్క గడిలో గీత పెట్టించాను. దాని బదులు ఈ వరుస రాశాం:

‘20వ రోజు: గిన్నె 7 సార్లు, 154 మి.లీ.; రొమ్ము 5 సార్లు, చప్పరించడం, మింగడం బాగున్నాయి; మూత్రం 8 సార్లు; మర్నాటి బరువు 30 గ్రాములు ఎక్కువ.’

పాలు సరిపోయాయా లేదా అన్నది ఇక్కడ మూత్రం, బరువు కలిసి చెబుతాయి. ఆ సిస్టరు రెండుసార్లు చదివి, మిగిలిన రోజులను తనే రాసింది. చక్కగా రాసింది.

పాప అమ్మమ్మ వచ్చి కూర్చుంది. “ఇంటి దగ్గర మాకు త్రాసు ఉండదు కదా సిస్టరమ్మా, పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?” అని అడిగింది. రోజుకు కనీసం ఆరు గుడ్డలు తడవాలని, తాగాక రెండు మూడు గంటలు ప్రశాంతంగా నిద్రపోవాలని చెప్పాను. లేపినా లేవకుండా, తాగకుండా మగతగా ఉంటే మాత్రం వారం వరకు ఆగకుండా వెంటనే తీసుకురమ్మన్నాను. తల్లి చేత ఉగ్గుగిన్నెతో ఒకసారి పట్టించి చూశాను. తొందరపడకుండా, గిన్నె అంచును పెదవి మూలకు ఆనించి, కొంచెం కొంచెంగా పట్టింది.

పట్టిక చివర ఖాళీ వరుసలు వదిలాను. ఆశా కార్యకర్తకు ఫోను చేసి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాను. ఆమె దగ్గరున్నది వేలాడదీసే త్రాసు, బిడ్డను గుడ్డ ఉయ్యాలలో పెట్టి తూచేది. అది మా 1710తో సరిపోకపోవచ్చు. అందుకని ఎల్లుండిలోగా ఒకసారి ఆ త్రాసు మీదే తూచి, ఉయ్యాల బరువు తీసేసి, దాన్ని మొదటి గడిలో రాయాలి. వారం తర్వాతి బరువును దానితోనే పోల్చాలి, మా అంకెతో కాదు. రోజుకు 20 గ్రాముల లెక్కన వారానికి 140 కన్నా తక్కువ పెరిగితే మాకు చెప్పాలి.

“సరేనండీ, రేపే వెళ్తాను” అంది. పాపకు నెల నిండేలోగా చేయించాల్సిన కంటి పరీక్ష తేదీని కూడా ఆమెకు చదివి వినిపించి, అదే కాగితం అడుగున ఎర్ర సిరాతో రాశాను.